ఎంబీబీఎస్ అవ్వగానే పెద్దాసుపత్రా, క్లినిక్కా?

హౌస్ సర్జన్సీ అయిపోయింది, మొదటి జాబ్ నెల్లూరులో పెద్దాసుపత్రిలో చెయ్యాలా, కావలిలో చిన్న క్లినిక్‌లోనా?

మొదటి ఏడాది పెద్దాసుపత్రి క్యాజువాలిటీలోనే చెయ్యండి, ఎందుకంటే మనం చూసిన పేషెంట్ తర్వాత ఏమయ్యాడో అక్కడ కళ్ళముందే తెలుస్తుంది, క్లినిక్‌లో మందు రాసి పంపేస్తే మన తప్పు మనకి తెలీనే తెలీదు. ఇప్పుడు తెల్లారుజామున కడుపునొప్పి అని ఒక రైతు వచ్చాడనుకోండి, కాటు గుర్తు లేదు, వాపు లేదు, గ్యాస్ అనుకుని ఇంజెక్షన్ చేసి పంపేస్తాం, కానీ రాత్రి నేలమీద పడుకున్న మనిషైతే అది కట్లపాము కాటు అయ్యుండొచ్చు. అబ్జర్వేషన్‌లో పెడితే కాసేపటికి కనురెప్పలు వాలిపోవడం కనిపిస్తుంది, యాంటీవెనమ్ 10 వయల్స్ ఎక్కిస్తారు, ఊపిరి తగ్గితే వెంటిలేటర్ పెడతారు, ఒక్కసారి చూస్తే జన్మలో మర్చిపోరు.

క్లినిక్‌లో అన్నీ మనమే చేస్తాం కాబట్టి పని బాగా వస్తుందనేది అపోహ, వచ్చేవి ఎక్కువగా జ్వరాలు, షుగర్లు, బీపీలే. పెద్దాసుపత్రైనా డిశ్చార్జ్ సమ్మరీలు రాయించే డ్యూటీ అయితే దండగ, రాత్రి పక్కన సీనియర్ ఉంటారా అని చేరేముందే అడగండి.