పెన్షన్ లెక్కలో మా అమ్మకు తగ్గిన 880 రూపాయలు

"అక్రూవల్ రేట్, కంట్రిబ్యూషన్ బేస్, రిఫరెన్స్ వేజ్... ఈ మాటలు ఎవరైనా మామూలు భాషలో చెప్తారా? పీఎఫ్ పెన్షన్ గురించి ఇప్పుడే చదవడం మొదలుపెట్టాను" అని ఒకరు అడిగారు. మా అమ్మ లెక్కతోనే చెప్తాను.

మా అమ్మ మందుల ప్యాకింగ్ యూనిట్‌లో 2014 నవంబరులో చేరింది. 2025 నవంబరులో 58 నిండాయి. సరిగ్గా పదకొండేళ్లు. పెన్షన్ 1,320 రూపాయలని తేలిన రోజు, "నెలకు పద్నాలుగు వేలు తీసుకున్నాను కదరా, ఇంతేనా?" అని అడిగింది. ఆ రాత్రి జీతం స్లిప్పులన్నీ మంచం మీద పరిచి కూర్చున్నాం.

స్లిప్పులో బేసిక్ 8,400, స్పెషల్ అలవెన్స్ 5,600. పీఎఫ్ కోత 8,400 మీదే పడింది. ఏ జీతం మీద కోత పడుతుందో అదే కంట్రిబ్యూషన్ బేస్. చివరి ఐదేళ్లూ జీతం పెరగలేదు కాబట్టి ఆ 60 నెలల సగటు కూడా 8,400 దగ్గరే ఆగింది. పెన్షన్ లెక్కకు తీసుకునే ఆ సగటే రిఫరెన్స్ వేజ్. ఇక అక్రూవల్ రేట్ అంటే పనిచేసిన ఒక్కో ఏడాదికి ఆ సగటులో మనకు జమయ్యే వంతు. మన పీఎఫ్ పెన్షన్‌లో అది డెబ్బయ్యో వంతు. 8,400లో డెబ్బయ్యో వంతు 120, పదకొండేళ్లకు 1,320. కోత మొత్తం పద్నాలుగు వేల మీద పడి ఉంటే ఏడాదికి 200 చొప్పున 2,200 వచ్చేది.

అందరూ వంతు గురించే మాట్లాడుకుంటారు. నన్నడిగితే అది చట్టంలో రాసి ఉన్నది, మన చేతిలో లేదు. అసలు దెబ్బ తగిలేది బేస్ దగ్గరే. చేరేటప్పుడు "చేతికి ఎంతొస్తుంది" అని అడుగుతాం గానీ బేసిక్ ఎంత అని అడగం. అలవెన్స్ పేరుతో జీతాన్ని చీల్చడం నాకు మహా కోపం తెప్పించే విషయం. ఉద్యోగులందరికీ ఒకేలా ఇచ్చే అలవెన్సులను పీఎఫ్ లెక్కలో కలపాల్సిందేనని 2019 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అమ్మ వాళ్ల యూనిట్‌లో స్పెషల్ అలవెన్స్ అందరికీ వచ్చేది. అయినా కలపలేదు. పెన్షన్ లెక్కకు తీసుకునే జీతానికి నెలకు 15,000 పరిమితి ఉంది కాబట్టి అంతకన్నా ఎక్కువ జీతం ఉన్నవాళ్లకు మామూలుగా లెక్క అక్కడే ఆగుతుంది. అమ్మది ఆ లోపే.

మీది చూసుకోవాలంటే పాస్‌బుక్‌లో పెన్షన్ గడి చూడండి. యజమాని వాటాలోంచి బేస్‌లో 8.33 శాతం అక్కడికి వెళ్తుంది. అమ్మకు నెలనెలా 700 పడింది, పద్నాలుగు వేలకైతే 1,166 పడాలి. ఆ గడిలో మొత్తం ఎంత పోగైందో చూసి మురిసిపోకండి, పెన్షన్ దాన్నిబట్టి రాదు. పదేళ్ల సర్వీసు లేకపోతే నెలనెలా పెన్షనే ఉండదు.

స్లిప్పుల నకళ్లు జతచేసి పీఎఫ్ ఆఫీసులో ఫిర్యాదు ఇచ్చాం. అమ్మతో పాటు, ఇంకా అక్కడే పనిచేస్తున్న నలుగురు ఆడవాళ్లు కూడా సంతకాలు పెట్టారు.