ఫోటోలు చూసి డూప్లికేట్ ఎల్‌ఈడీ బల్బు కనిపెట్టడం ఎలా?

ప్రశ్న: "9 వాట్ల ఎల్‌ఈడీ బల్బులు పెట్టె మొత్తం సగం రేటుకే ఇస్తానని ఒకాయన వాట్సాప్‌లో ఫోటోలు పంపాడు. బ్రాండెడే అంటున్నాడు. ఫోటో చూసి ఒరిజినలో డూప్లికేటో చెప్పొచ్చా?"

నేను వైరింగ్ పని చేస్తాను. కస్టమర్లు ఇలాంటి ఫోటోలు పంపి అడుగుతూనే ఉంటారు. చాలావరకు చెప్పొచ్చు. అయితే అమ్మేవాళ్లు పంపేవి సాధారణంగా ముందువైపు ఫోటోలే, వాటితో పని జరగదు. హోల్డర్‌లో పెట్టే క్యాప్ అడుగు, బాడీ మీది ప్రింటు, డబ్బా వెనక వైపు దగ్గర్నుంచి తీసి పంపమనండి.

ముందు క్యాప్ జూమ్ చేసి చూడండి. అడుగున రెండు సీసం బొట్లు ఉంటాయి. మంచి బల్బుకి రెండూ ఒకే సైజులో గుండ్రంగా, శుభ్రంగా ఉంటాయి. నాసిరకంలో ఒకటి లావు, ఒకటి సన్నం, చుట్టూ గోధుమరంగు మరక. క్యాప్‌ని ప్లాస్టిక్‌కి బిగించిన నొక్కుళ్లు కూడా సమాన దూరంలో ఉండవు, అంచున గమ్ము బయటికొచ్చి ఉంటుంది.

తర్వాత డబ్బా. మన దేశంలో ఎల్‌ఈడీ బల్బుకి బీఐఎస్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి: IS 16102 అని, కింద R- తో మొదలయ్యే 8 అంకెల నంబరు. సీఈ అనే యూరప్ గుర్తు ఎంత పెద్దగా వేసినా ఇక్కడ దానికి విలువ లేదు. ఆ R- నంబరుని బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టండి, కంపెనీ పేరు, వస్తువు పేరు వస్తాయి. ఈమధ్య ఒక కస్టమర్ పంపిన డబ్బా నంబరు కొడితే ఎవరిదో మొబైల్ చార్జర్ వచ్చింది! అదే డబ్బా మీద "9 వాట్లు, 100 వాట్ల బల్బుతో సమానం" అని ఉంది, వెలుగు ఎంతో చెప్పే ల్యూమెన్లు మాత్రం ఎక్కడా లేవు. 9 వాట్లకి మామూలుగా వచ్చే వెలుగు 900 ల్యూమెన్ల దరిదాపు. పాత 100 వాట్ల బల్బు సుమారు 1300 ఇచ్చేది. లెక్క ఎక్కడ కుదురుతుంది?

అసలు కంపెనీ నంబరునే కాపీ కొడితే యాప్ కూడా సరే అంటుంది. అప్పుడు రెండు మూడు డబ్బాలు పక్కపక్కన పెట్టి ఫోటో తీయమనండి. తయారీ నెల, బ్యాచ్ నంబరు సాధారణంగా విడిగా ఇంకుజెట్‌తో కొట్టి ఉంటాయి. డబ్బా డిజైన్‌తో కలిపే అచ్చయి ఉంటే అనుమానించాల్సిందే.

నిజంగా ఎన్ని వాట్లు తింటుందో ఫోటో చెప్పదు. పెట్టె కొనేముందు ఒక్క బల్బు తెచ్చుకుని ఇంట్లో ఫ్రిజ్‌తో సహా అన్నీ ఆపేసి అదొక్కటే వెలిగించండి. మీటరు మీద 3200 imp/kWh అని ఉంటే, అంటే యూనిట్‌కి మీటరు లైటు 3200 సార్లు బ్లింక్ అయ్యేదైతే, 9 వాట్లకి ఒక బ్లింక్ నుంచి ఇంకో బ్లింక్‌కి 125 సెకన్లు పడుతుంది. కొద్దిగా అటూ ఇటూ అయితే పర్వాలేదు. 225 సెకన్లు పట్టిందంటే అది 5 వాట్ల బల్బే.