నాలుగు మడతల ఫొటో, అమ్మమ్మ ఎడమ కన్ను

ప్రశ్న: మా తాతయ్య, నాయనమ్మ పెళ్లయిన కొత్తలో తీయించుకున్న నలుపు తెలుపు ఫొటో ఇది. నాలుగు మడతలు పడి, పసుపెక్కి వెలిసిపోయింది. ఫోన్‌లో తీసి పెడుతున్నాను. ఒక స్టూడియో అతను కొత్తదానిలా చేసేస్తానన్నాడు, ఇంకొకతను పని కాదన్నాడు. ఎవరి మాట నమ్మాలి? ఇందులో ఏది బాగవుతుంది, ఏది కాదు?

ఇద్దరి మాటా ఇప్పుడే నమ్మకండి. వాళ్లకు చూపించింది కూడా ఈ ఫోన్ ఫొటోయే అయితే, వాళ్లు చెప్పింది మీ తాతగారి ఫొటో గురించి కాదు, మీ ఇంట్లో ట్యూబ్‌లైటు గురించి. కుడివైపు పైమూల తెల్లగా పోయినట్టు కనిపిస్తోంది కదా, అది వెలిసిపోవడం కాదు, లైటు మెరుపు. నిలువు మడత చూడండి. ఒక పక్క తెల్ల గీత, దాన్ని ఆనుకునే నల్ల గీత. కాగితం అక్కడ గట్టులా లేచింది, వెలుతురు పక్కనుంచి పడింది, అంతే. అంత భయంకరంగా కనిపించేది సగం నీడే అయి ఉండొచ్చు.

నేను చెప్పేది విజయనగరం గంటస్తంభం దగ్గర ఒక స్టూడియో డార్క్‌రూమ్‌లో నాలుగేళ్లు చేతులు నానబెట్టుకున్నవాడిగా. తర్వాత వేరే ఉద్యోగంలోకి వెళ్లిపోయాను గానీ, చుట్టాలు మాత్రం ఇప్పటికీ చిరిగిన ఫొటోలన్నీ నాకే పంపిస్తారు. పంపేవాళ్లందరికీ ముందు ఒకటే చెప్తాను. ఫ్లాష్ ఆపి, ఫొటోను కిటికీ పక్కన బల్ల మీద పెట్టి, ఫోన్‌ను సరిగ్గా దాని నెత్తిన పట్టుకుని ఒకటి తీయండి. తర్వాత ఫోన్ కదపకుండా, ఫొటోను మాత్రం తలకిందులుగా తిప్పి ఇంకొకటి తీయండి. రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. మొదటిదాంట్లో తెల్లగా ఉండి రెండోదాంట్లో నల్లబడిన గీత వట్టి మడత, దాని కింద బొమ్మ ఉంది. రెండింటిలోనూ తెల్లగానే ఉంటే అక్కడ పైపొర రాలిపోయింది. ఫొటో బొమ్మంతా కాగితం మీదున్న పల్చటి జెలటిన్ పొరలో ఉంటుంది. మడత పెట్టినప్పుడు ఆ పొర పగిలి, రాలితే కింద తెల్ల కాగితం బయటపడుతుంది. రాలినచోట ఇక ఎవరు చేసినా అది బాగుచేయడం కాదు, కొత్తగా గీయడం.

ఈ తేడా నాకు డార్క్‌రూమ్‌లో తెలియలేదు. మా పెద్దమ్మ దగ్గర తెలిసింది.

మా అమ్మమ్మ ఫొటో అంటూ ఒకే ఒక్కటి ఉండేది. పదకొండు మంది ఉన్న గ్రూపు ఫొటో, హాఫ్ ప్లేట్ సైజు, అంటే పొడవు ఆరున్నర అంగుళాలు. మధ్యలో కుర్చీలో అమ్మమ్మ. దాన్ని చీపురుపల్లి దగ్గర ఊళ్లో మా పెద్దమ్మ పొలం పాసుపుస్తకంలో పెట్టి దాచింది. పుస్తకంలో పట్టదు కదా, నాలుగు మడతలు పెట్టింది. అడ్డ మడత అమ్మమ్మ చీర కుచ్చిళ్ల మీదుగా పోయింది. నిలువు మడత సరిగ్గా ఆవిడ నుదుటి మీద మొదలై, ఎడమ కన్ను మీదుగా చెంప దాకా దిగింది.

నా దాకా రాకముందే మా బావ దాన్ని ఒక షాపులో ఇచ్చాడు. వారం తర్వాత ఫ్రేము కట్టించి తెచ్చారు. మడతల్లేవు, పసుపు లేదు, వెనకాల ఎవరూ అడగని నీలం తెర కూడా వచ్చింది. (ఈ నీలం తెర పిచ్చి ఏమిటో నాకు అర్థం కాదు. పాత స్టూడియోలో చేత్తో వేసిన మెట్లు, పూలకుండీ ఉన్న ఆ తెరే ఆ ఫొటో వయసు చెప్పేది.) అందరం బాగుందన్నాం. పెద్దమ్మ కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూసి, "ఏటిరా ఇది, మా అమ్మ కాదు. అమ్మకి ఎడం కన్ను కూసింత సిన్నది" అంది.

నేను ఒరిజినల్ తీసుకుని చూశాను. ఎడమ కన్ను దగ్గర పొర రాలిపోయింది. షాపతను కుడి కన్నును కాపీ చేసి, అద్దంలో బొమ్మలా తిప్పి అక్కడ అతికించాడు. తెలియనివాళ్లకు తెలియదు గానీ, ఒకసారి కనిపెట్టాక చూడలేం. కుడి కంట్లో వెలుతురు చుక్క ఎడమవైపున ఉంటే, అతికించిన కంట్లో కుడివైపుకు వచ్చింది. ఒకే మనిషి మీద రెండు వైపుల నుంచి ఎండ పడ్డట్టు. చూపు కూడా రెండు దిక్కులకు పోయింది. పైగా రెండు కళ్లూ సమానమైపోయాయి. ఆ చిన్న కన్నుతోనే పెద్దమ్మ వాళ్లమ్మను గుర్తుపట్టేది.

నిజంగా ఎంత పోయిందో లెక్క వేద్దామని స్కాన్ చేశాను. ఈ లెక్క మీకూ పనికొస్తుంది కాబట్టి చెప్తున్నా. ఆ ఫొటోలో అమ్మమ్మ ముఖం వెడల్పు స్కేలు పెట్టి చూస్తే 5 మిల్లీమీటర్లు. మనిషి ముఖం వెడల్పు దాదాపు అయిదు కళ్లంత ఉంటుంది, అంటే కన్ను 1 మిల్లీమీటరు. రాలిన గీత అర మిల్లీమీటరు. చీర మీద అర మిల్లీమీటరు అంటే లెక్కే లేదు, పక్క గుడ్డ తెచ్చి పూడ్చేయొచ్చు. కంటి మీద అదే గీత అంటే సగం కన్ను. నాకు మిగిలింది కంటి బయటి కొన, కనుబొమ్మ చివర.

అందుకే మడతలు ఎన్ని అని నన్నెవరూ అడగొద్దు, ఎక్కడ పడ్డాయని అడగండి. గోడ మీద, తెర మీద, చీర మీద, నేల మీద పడినవి పది ఉన్నా ఓపిక పని, అంతే. మీ ఫొటోలో అడ్డ మడత తాతగారి కోటు మీదుగా పోయింది, దాని గురించి నిద్ర పాడుచేసుకోకండి. కన్ను, ముక్కు కొన, పెదాల కలయిక, ఈ మూడింటి మీద పొర రాలితేనే అసలు సమస్య.

వాట్సాప్‌లో పంపిన ఫొటో మీద ఎవరైనా పని చేస్తానంటే ఇవ్వకండి. మామూలుగా పంపితే అది పొడవు వైపు 1600 చుక్కలకు అటూఇటూగా కుదించేస్తుంది. మా అమ్మమ్మ ముఖం అందులో యాభై చుక్కల లోపే, కన్ను పది. పది చుక్కల్లో ఎవరి కన్నయినా ఒకటే. అదే స్కానర్‌లో 600 డీపీఐ పెడితే ముఖానికి 118 చుక్కలు, కంటికి ఇరవై నాలుగు దాకా వచ్చాయి. స్కానర్ దొరక్కపోతే కనీసం Document గా పంపండి, కుదించదు.

ఇక పసుపు, వెలిసిపోవడం. మడత కంటే దీనికే నేను ఎక్కువ భయపడతాను, ఎందుకంటే మడత దొంగలా ఒక చోట పడుతుంది, ఇది చెదలా అంతటా తింటుంది. దీనికి చాలాసార్లు మా స్టూడియోవాళ్లదే పాపం. ప్రింటును హైపో అనే మందునీళ్లలో వేశాక మంచినీళ్లలో బాగా కడగాలి. వేసవిలో కుళాయి రానప్పుడు మేం ఒకే తొట్టిలో నీళ్లు రెండుసార్లు మార్చి కానిచ్చేసేవాళ్లం. ఆ మిగిలిన హైపో ఏళ్ల తరబడి కాగితంలో ఉండి, బొమ్మలోని వెండిని మెల్లగా పసుపు గోధుమ రంగులోకి మార్చేస్తుంది. అప్పుడు మాకు ఎవరూ చెప్పలేదు, చెప్పినా వినేవాళ్లం కాదేమో.

ఇలా వెలిసేటప్పుడు ముందు పోయేవి లేత రంగులు. అక్కడ వెండి మొదటే తక్కువ కాబట్టి. జుట్టు, కోటు, కాటుక ఉంటాయి, తెల్ల పంచె మడతలు, ఎండ పడిన చెంప పోతాయి. మా ఫొటోలో తాతయ్య పంచె తెల్లటి మూటలా మిగిలింది. దాంట్లో కుచ్చిళ్లు తెస్తానని ఎవరన్నా అంటే, అవి ఆయన కుచ్చిళ్లు కావు.

కానీ పోయిందని కంటితో చూసి చెప్పేయకూడదు. నలుపు తెలుపు ఫొటో అయినా స్కాన్ మాత్రం కలర్‌లోనే చేయించండి. దీనికి కారణం ఉంది. ఆ కలర్ స్కాన్‌ను కంప్యూటర్‌లో GIMP లాంటి ఫొటో సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, Colors > Components > Decompose లో RGB అని ఎంచుకుంటే ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు పొరలు విడివిడిగా నలుపు తెలుపులో వస్తాయి. పసుపు మరక నీలం వెలుతురును మింగేస్తుంది, ఎరుపును వదిలేస్తుంది. అందుకని ఎరుపు పొరలో మరకలు దాదాపు మాయమై కాగితం శుభ్రంగా కనిపిస్తుంది. వెలిసిన బొమ్మ కూడా పసుపు గోధుమ రంగే కదా, అది నీలం పొరలోనే ముదురుగా తేలుతుంది, మరకలతో సహా. ఎరుపులో చూస్తే అమ్మమ్మ చెంప వట్టి తెలుపు. నీలంలో చూస్తే చెంప గీత, ముక్కుపుడక, కింద పెదవి నీడ కనిపించాయి. ఆ రాత్రి మా ఆవిడను నిద్ర లేపి మరీ చూపించాను. తిట్టింది.

నేను చేసింది చెప్తాను. ముఖాలకు నీలం పొర తీసుకున్నాను, తెరకూ నేలకూ ఎరుపు పొర. చీర మీద, తెర మీద మడతలు ఒక సాయంత్రంలో పూడ్చాను. ఎడమ కన్ను దగ్గర కొత్త కన్ను పెట్టలేదు. తెల్ల గీతను చుట్టూ ఉన్న బూడిద రంగుకు దించి వదిలేశాను, కంటి కొన, కనుబొమ్మ చివర ఉన్నవి ఉన్నట్టే. దగ్గరగా చూస్తే అక్కడ కన్ను లేదు, మసక ఉంది. రెండడుగుల దూరం నుంచి చూస్తే మన కన్నే దాన్ని పూరించుకుంటుంది. అమ్మమ్మ ముసలితనంలో తీసిన ఒక పాస్‌పోర్ట్ ఫొటో ఆ తర్వాత దొరికితే దాంట్లో కన్ను తెచ్చి పెట్టమని మా బావ పట్టుబట్టాడు. వయసు వేరు, ముఖం తిరిగిన కోణం వేరు, వెలుతురు వేరు. పెట్టి చూశాను, తీసేశాను. పెద్దమ్మ మాత్రం మసక ఉన్న ఫొటోనే తీసుకుంది. షాపువాళ్ల ఫ్రేము ఇప్పటికీ బావ ఇంట్లో ఉంది.

మీరు ఆ తిప్పి తీసిన రెండు ఫొటోలూ ఇక్కడ పెట్టండి. ఒరిజినల్‌ను ఇస్త్రీ చేయడం, తడిగుడ్డతో తుడవడం, వెనక సెల్లోటేపు వేయడం లాంటివి చేయకండి, పొర ఇంకా రాలుతుంది. ఫ్రేములో అద్దానికి అతుక్కుని ఉంటే పీకకండి, అద్దంతోనే తీయండి. మీ నాయనమ్మగారి ముక్కు దగ్గర గీత ఒకటి నాకు అనుమానంగా ఉంది. అది రెండింట్లోనూ తెల్లగానే ఉందా, లేదా నల్లబడిందా, ముందు అది చెప్పండి.