జ్వరం మెయిల్‌లో హెచ్‌ఆర్‌ని సీసీలో పెట్టాలా?

"సార్, గచ్చిబౌలిలో ఉద్యోగంలో చేరి ఐదు నెలలైంది. పోయిన నెల జ్వరమొస్తే మేనేజర్‌కి వాట్సాప్ పెట్టి సెలవు తీసుకున్నా, తర్వాత ఆయన 'నాకెవరూ చెప్పలేదే' అన్నాడు. ఇకనుంచి సెలవు మెయిల్‌లో హెచ్‌ఆర్‌నీ, ఆయన పైనున్న డైరెక్టర్‌నీ సీసీలో పెట్టమని ఫ్రెండ్ అంటున్నాడు. పెట్టొచ్చా?"

ఒకటి రెండు రోజుల సెలవుకి పెట్టకండి. మీ ఉద్దేశం రికార్డు కోసమే అయినా, చదివే మేనేజర్‌కి మాత్రం "నీ మీద నమ్మకం లేదు, అందుకే పైవాళ్లకి చెబుతున్నా" అన్నట్టే ఉంటుంది. నా దగ్గరికొచ్చిన ఒకమ్మాయి ఇలాగే రెండు రోజుల సెలవుకి డైరెక్టర్‌ని సీసీలో పెట్టింది. ఆయన ఏ ఎయిర్‌పోర్టులోనో ఫోన్‌లో చూసి, "రేపటి రిలీజ్ ఎవరు చూస్తున్నారు?" అని ఒక్క ముక్క అందరికీ రిప్లై కొట్టాడు. పాపం మేనేజర్ సంజాయిషీ చెప్పుకోవాల్సి వచ్చింది. సెలవైతే దొరికింది గానీ, ఆ తర్వాత ఆ అమ్మాయి అరగంట పర్మిషన్ అడిగినా మెయిల్ పెట్టమనేవాడు. బీసీసీ అయితే ఇంకా ప్రమాదం, అలా బీసీసీలో ఉన్నవాళ్లు పొరపాటున రిప్లై ఆల్ నొక్కితే దాచి పెట్టారని కూడా బయటపడుతుంది.

హెచ్‌ఆర్‌కి చెప్పి తీరాల్సిన సందర్భం వేరే ఉంది. ఒకబ్బాయి డెంగీతో సోమవారం ఆసుపత్రిలో చేరాడు, మేనేజర్‌కి మెయిల్ పెడితే ఆయనే సెలవులో ఉన్నట్టు ఆటో రిప్లై వచ్చింది. పోర్టల్‌లో సెలవు పెండింగ్‌లోనే ఉండిపోయింది. గురువారం పొద్దున, సెలైన్ ఎక్కుతుండగా, చెప్పకుండా మానేశారంటూ హెచ్‌ఆర్ నుంచి నోటీసు! చాలా కంపెనీల అపాయింట్‌మెంట్ లెటర్‌లో సమాచారం లేకుండా వరుసగా ఇన్ని రోజులు రాకపోతే ఉద్యోగం వదిలేసినట్టే అని ఒక క్లాజు ఉంటుంది, ఈ అబ్బాయి లెటర్‌లో అది మూడు పనిదినాలు. వాళ్ల లెక్కలో ఆటో రిప్లై అంటే ఎవరూ చదవనట్టే.

మంగళవారమే అదే మెయిల్‌ని హెచ్‌ఆర్‌కి ఫార్వర్డ్ చేసి, "మేనేజర్ సెలవులో ఉన్నారు, పోర్టల్‌లో అప్లై చేశాను, డిశ్చార్జ్ అయ్యాక సర్టిఫికెట్ ఇస్తాను" అని రాసి, మేనేజర్‌ని సీసీలో ఉంచితే సరిపోయేది. చూశారుగా, ఇక్కడ సీసీలో ఉండేది మేనేజరే. ఆయన మీద ఒక్క మాట కూడా పడకుండా రాయాలి. ప్లేట్‌లెట్ రిపోర్టులు అడిగితే హెచ్‌ఆర్‌కి మాత్రమే పంపండి, టీమ్ మెయిల్‌లో వద్దు.

డైరెక్టర్ సంగతంటారా, తాను లేనప్పుడు ఆయన్ని సంప్రదించమని మేనేజర్ ఆటో రిప్లైలోనే ఉంటే నేరుగా ఆయనకే రాయండి, సీసీ కాదు. లేదంటే ఆయన జోలికి వెళ్లకండి.

మీ మేనేజర్ "చెప్పలేదే" అన్న గొడవకి వాట్సాప్‌తో ఆపకుండా, అదే పొద్దున ఆయనొక్కడికే రెండు లైన్ల మెయిల్ పెట్టి పోర్టల్‌లో కూడా వేసేయండి. టైముతో సహా అక్కడే ఉంటుంది. ఆ అపాయింట్‌మెంట్ లెటర్ కూడా ఒకసారి తీసి, మీ కంపెనీలో ఆ గడువు ఎన్ని రోజులో చూసుకోండి.