సంగ్రహం వేరు, ఉపోద్ఘాతం వేరు

ప్రశ్న: నమస్కారం మాస్టారూ, తెలుగులో పీహెచ్‌డీ చేస్తున్నాను. ఒక సెమినార్‌కి ఆబ్‌స్ట్రాక్ట్ పంపమంటే నా పేపర్ మొదటి రెండు పేరాలు కాపీ చేసి పంపాను, "ఇది ఉపోద్ఘాతం, సారాంశం పంపండి" అని తిప్పి పంపారు. రెండూ పేపర్ దేని గురించో చెప్పేవే కదా, తేడా ఏంటి? అసలు ఆబ్‌స్ట్రాక్ట్‌ని తెలుగులో సారాంశం అనాలా, సంగ్రహం అనాలా, పీఠిక అన్నా సరిపోతుందా?

సమాధానం: అమ్మా, ముందు పీఠిక సంగతి తేల్చేద్దాం, అది సరిపోదు. పీఠిక, ఉపోద్ఘాతం, అవతారిక, ప్రవేశిక, ఇవన్నీ లోపలికి తీసుకెళ్లే మాటలు. మన పాత కావ్యాల అవతారిక చూడండి, ఇష్టదేవతాస్తుతి ఉంటుంది, పూర్వకవుల్ని తలుచుకోవడం ఉంటుంది, కృతి పుచ్చుకునేవాడి వంశం ఉంటుంది, షష్ఠ్యంతాలు ఉంటాయి, అదంతా అయ్యాకే కథ మొదలవుతుంది. అవతారిక ఒక్కటే చదివి మూసేస్తే కావ్యం ఎందుకు పుట్టింది, ఎవరికి అంకితం అన్నది తెలుస్తుంది గానీ చివరికి ఏమైందో తెలీదు. అది దాని లోపం కాదు, దాని పనే అది.

ఇప్పుడు వాల్మీకి రామాయణం బాలకాండ మొదటి సర్గ చూడండి. నారదుడు వాల్మీకికి రాముడి కథంతా, పట్టాభిషేకం దాకా, 100 శ్లోకాల్లో చెప్పేస్తాడు, దాన్నే సంక్షేప రామాయణం అంటాం. ఇంకా ముందు వేల శ్లోకాలు ఉన్నాయి కదా, ముగింపు ఇప్పుడే చెప్పేస్తే ఎలా అని నారదుడు ఆగలేదు. మీ దగ్గర అడిగింది ఆ మొదటి సర్గ, మీరు పంపింది అవతారిక. తేడా అంతా ఇక్కడే ఉంది, సంగ్రహంలో ముగింపు ఉండాలి, ఉపోద్ఘాతంలో ప్రశ్న ఉంటే చాలు.

మనవాళ్లు దాన్ని ఇంకా కుదించి "కట్టె, కొట్టె, తెచ్చె" అన్నారు, వారధి కట్టడం, రావణుణ్ణి కొట్టడం, సీతమ్మని తేవడం. చేసిన పనీ ఉంది, ఫలితమూ ఉంది. కానీ రామాయణం తెలిసినవాళ్లకే అది అర్థమవుతుంది, తెలీనివాడికి ఎవరు కట్టారో, ఎందుకు కొట్టారో, దేన్ని తెచ్చారో ఏమీ బోధపడదు. పేపర్ సంగ్రహానికి ఈ వెసులుబాటు లేదు. పేపర్ చేతిలో లేనివాళ్లు కూడా దాన్ని చదువుతారు, సెమినార్ కమిటీ అయితే అదొక్కటే చూసి పేపర్ తీసుకోవాలో వద్దో నిర్ణయిస్తుంది, కాబట్టి అది ఒంటరిగా నిలబడాలి.

ఒక పేపర్ ఉందనుకుందాం, అంకెలు ఉదాహరణ కోసం నేను వేసినవే. అంగడి బోర్డుల మీద ఇంగ్లీషు మాటల చివర ఉకారం గురించి, అంటే హోటలు, మార్కెట్టు అని రాస్తున్నారా, హోటల్, మార్కెట్ అని రాస్తున్నారా అన్నది విషయం. మామూలుగా వచ్చే ఆబ్‌స్ట్రాక్ట్ ఇలా ఉంటుంది:

"తెలుగు అజంత భాష. అనాదిగా తెలుగు అనేక భాషల నుండి పదాలను స్వీకరించింది. ఆంగ్లేయుల పాలనలో ఎన్నో ఆంగ్ల పదాలు తెలుగులో చేరాయి. ఈ పత్రంలో అంగడి బోర్డులపై గల ఆంగ్ల పదాల గురించి చర్చించడం జరిగింది."

ఇందులో తప్పు మాట ఒక్కటీ లేదు. కానీ మూడు వాక్యాలు అందరికీ తెలిసినవి, నాలుగోది విషయసూచికలోంచి ఊడిపడ్డట్టుంది. "చర్చించడం జరిగింది", "వివరించడం జరుగుతుంది" అని వాక్యం ముగిసిందంటే నేను అక్కడ పెన్సిల్‌తో గీత గీస్తాను, చర్చించి ఏం తేల్చారు అని పక్కన రాస్తాను. జరిగింది అనే క్రియ వెనక ఎవరు చేశారన్నదీ పోతుంది, ఏం దొరికిందన్నదీ పోతుంది. దాన్నే ఇలా రాయొచ్చు:

"ఇంగ్లీషు నుంచి వచ్చిన మాటలకి చివర ఉకారం చేర్చి హోటలు, మార్కెట్టు అని రాసే అలవాటు తగ్గి, హల్లుతోనే ఆపేసే రాత పెరుగుతున్నట్టు కనిపిస్తోంది. ఈ మార్పు ఎక్కడ ఎక్కువో చూడ్డానికి ఒక పట్టణం బజారులో ఇలాంటి మాటలున్న 200 అంగడి బోర్డులకి ఫొటోలు తీసి, చేత్తో రాసినవీ ఫ్లెక్సీలూ విడదీసి లెక్కపెట్టాను. చేత్తో రాసిన 60 బోర్డుల్లో 38 వాటిలో ఉకారం ఉంది, 140 ఫ్లెక్సీల్లో 21 వాటిలోనే ఉంది. అయితే చేతిరాత బోర్డులు చాలావరకు పాతవి కూడా కాబట్టి, ఈ తేడా బోర్డు తయారీ వల్ల వచ్చిందా, కాలం వల్ల వచ్చిందా అన్నది ఈ లెక్క ఒక్కటే తేల్చలేదు."

మొదటి వాక్యం సమస్య, రెండోది ఏం చేశారు, మూడోది ఏం దొరికింది, నాలుగోది దాన్ని ఎంతవరకు నమ్మొచ్చు. సంగ్రహానికి కట్టుబాటు అంటే ఇంతే. చోటు తక్కువైతే మొదటిది కోసుకోండి గానీ మూడోదాన్ని మాత్రం ముట్టుకోకండి. ఇంకోటి, పేపర్‌లో లేని మాట సంగ్రహంలో ఉండకూడదు, అందుకే అది పైన ఉన్నా రాయాల్సింది చివర్న, అంకెలన్నీ తేలాక.

మరి ఆ అజంత భాష వాక్యం పారేయాలా అంటే అక్కర్లేదమ్మా, దాని చోటు ఉపోద్ఘాతం. అక్కడ చదివేవాడు కూర్చుని చదవడానికి సిద్ధపడి వచ్చాడు, తీరిగ్గా చెప్పొచ్చు. మాటలు అచ్చుతో ముగియడం తెలుగు స్వభావం, అందుకే బస్ బస్సయింది, రోడ్ రోడ్డయింది, దీని మీద ఇంతకుముందు ఫలానావాళ్లు ఇలా అన్నారు, కానీ బోర్డుల మీది రాతని లెక్కపెట్టి చూసినవాళ్లు నాకు కనపళ్లేదు, అందుకని ఈ పని. జాన్ స్వేల్స్ అనే భాషావేత్త 1990లో పరిశోధన వ్యాసాల ఉపోద్ఘాతాలకి చెప్పిన నమూనా కూడా ఇదే వరస, ముందు రంగం పరిచి, అందులో ఖాళీ చూపించి, ఆ ఖాళీలో మన పని పెట్టడం. ఇతరుల పేర్లు, ఉటంకింపులు ఇక్కడే బావుంటాయి, సంగ్రహంలో మామూలుగా ఉండవు.

సంగ్రహంలో చెప్పేశాం కదా అని ఉపోద్ఘాతంలో కొందరు సగం నుంచి మొదలుపెడతారు, "పైన చెప్పిన బోర్డులు" అని. అలా చేయకండి. సంగ్రహం చింపేసినా పేపర్ నిండుగా ఉండాలి, సంగ్రహంలో ఒక మాటకి అర్థం చెప్పినా ఉపోద్ఘాతంలో మళ్లీ చెప్పాలి.

సెమినార్లకి ఒక చిక్కుంది, పేపర్ పూర్తవకముందే ఆబ్‌స్ట్రాక్ట్ అడుగుతారు. అప్పుడు లేని ఫలితం కల్పించకుండా, "ఇప్పటిదాకా 80 బోర్డులు చూశాను, వాటిలో ఇలా కనిపించింది" అని ఉన్నంతవరకు చెప్పండి, అదీ సంగ్రహమే.

ఇక పేరు. సారాంశం తప్పు కాదు, అందరికీ అలవాటైన మాట, మీ సెమినార్‌వాళ్లు వాడిందీ అదే కాబట్టి వాళ్లకి పంపేటప్పుడు అలాగే పెట్టండి. నా మటుకు నేను సంగ్రహం అంటాను. సారాంశం అనగానే పిల్లలకి బళ్లో "పద్యానికి సారాంశం రాయండి" అన్నదే గుర్తొస్తుంది, అది వేరేవాళ్లు రాసినదానికి మనం చెప్పే భావం. సంగ్రహం అంటే అంతా ఒకచోటికి కూడదీసి పట్టుకోవడం, మన పనిని మనమే గుప్పిట్లో పెట్టి అందించడం. పుస్తకాలకి రాసే ముందుమాట మాత్రం ఈ రెంటిలో ఏదీ కాదు, దాన్ని ఇందులోకి తీసుకురాకండి.

పంపేముందు ఒక పని చేయండి. మీ సబ్జెక్టు కాని స్నేహితురాలికి ఆ పేరా ఒక్కటే చదివి వినిపించి, "నేనేం కనుక్కున్నాను?" అని అడగండి. "బోర్డుల గురించి ఏదో రాశావు" అంటే మళ్లీ రాయాలి, "ఫ్లెక్సీల మీద ఉకారం తగ్గిందన్నావు" అంటే పంపించేయండి.