పడుకోబెట్టి కొలవాల్సిన బిడ్డల గురించి

చిరంజీవి సౌభాగ్యవతి సరితకు,

పెద్దమ్మ ఆశీస్సులతో వ్రాయునది. దేవరకొండ దగ్గరి తండాలో అంగన్‌వాడీ టీచర్‌గా చేరావని మీ అమ్మ చెప్పినప్పుడు నాకు చాలా సంతోషమైంది. నువ్వు ఫోనులో అడిగిన ప్రశ్నకు అప్పుడే నాలుగు మాటల్లో జవాబు చెప్పి ఊరుకోవడం నాకు నచ్చలేదు, అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను. ఏడాది నిండిన ఒక పాప బరువును, పొడవును ఫోనులోని బీఎంఐ లెక్కలో వేస్తే బరువు చాలా తక్కువని వచ్చిందని, ఆ మాట విన్న తల్లి ఏడ్చిందని చెప్పి, ఆ లెక్కను నమ్మవచ్చా అని అడిగావు. ఆ పాప పొడవు 72 సెంటీమీటర్లు, బరువు 8.6 కిలోలు అన్నావు.

మన దగ్గర ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి పొడవుకు తగ్గ బరువు పట్టికలో ఆడపిల్లల పుట తీసి 72 ఎదురుగా చూడు. మధ్య గీత మీద ఉన్న బరువు సరిగ్గా 8.6 కిలోలు. అంటే అంత పొడవున్న ఆరోగ్యవంతమైన ఆడపిల్లలలో ఆ పాప నడిమధ్యన ఉంది. ఫోను చేసిందల్లా 8.6ను 0.72తో రెండుసార్లు భాగించి 16.6 తెచ్చి, పెద్దవాళ్లకు పెట్టిన 18.5 హద్దుతో పోల్చడం. ఆ హద్దు పట్టుకుంటే నీ కేంద్రంలో బాగా పెరుగుతున్న బిడ్డలు కూడా దాదాపు అందరూ తక్కువ బరువు వాళ్లే అవుతారు.

అయితే పెద్దల హద్దు తీసేసి, పిల్లల వయసుకు తగిన హద్దులు పెట్టుకుంటే సరిపోదా అని నువ్వు అడగవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పుట్టుక నుంచే వయసును బట్టి బీఎంఐ చూసే పట్టికలను కూడా తయారుచేసింది, కాబట్టి అది అడగదగిన ప్రశ్నే. చిక్కు ఎక్కడ వస్తుందంటే, ఈ సంఖ్య మొదటి రెండేళ్లలో ఒకచోట నిలవదు. ఆడపిల్లల మధ్య గీతనే చూస్తే పుట్టినప్పుడు సుమారు 13 ఉంటుంది, ఆరు నెలలకల్లా దాదాపు 17కు ఎగబాకుతుంది, అక్కడి నుంచి మెల్లగా దిగుతూ రెండేళ్లకు 16 లోపలికి వస్తుంది. బిడ్డ మొదట కొవ్వు పట్టి బొద్దుగా అవుతుంది, ఆ తరువాత పాకుతూ నడుస్తూ సాగుతుంది, అది ప్రకృతి. అందువల్ల ఒక నెల పాపకు 14.6 వస్తే అది నడిమధ్య, అదే 14.6 మూడు నెలల పాపకు వస్తే మధ్య గీతకు కింది వైపు. వయసు రెండు నెలలు అటూ ఇటూ అయితే తీర్పు మారిపోతుంది. పైగా ఆ వయసులో బీఎంఐ ఎక్కువగా ఉన్నంత మాత్రాన ఆ బిడ్డ పెద్దయ్యాక ఏమవుతుందో గట్టిగా చెప్పలేము. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ కూడా రెండేళ్లు నిండే దాకా పొడవుకు తగ్గ బరువునే చూడమని, బీఎంఐని రెండేళ్ల నుంచి మొదలుపెట్టమని చెబుతుంది.

మన పాలమూరు, నల్లగొండ వైపు ఈ వయసు సంగతి ఎంత పెద్దదో నీకు త్వరలోనే తెలుస్తుంది. వలస పోయి పని దగ్గరే ప్రసవమైన తల్లులు తిరిగి వచ్చాక "ఏడాది దాటింది మేడం, ఎన్ని నెలలైందో సక్కగ యాదికి లేదు" అంటారు. పొడవుకు తగ్గ బరువు పట్టికలో వయసు గడే లేదు. ఇంత పొడవున్న బిడ్డకు ఇంత బరువు ఉండాలి అన్నదొక్కటే అది చూస్తుంది. పుట్టిన తేదీ తెలియని బిడ్డ సన్నబడిందా లేదా అన్నది కూడా దానితో తేల్చగలం.

అయితే ఈ పట్టిక భారమంతా పొడవు మీద ఉంటుంది. ఆ పొడవు తప్పితే ఏమవుతుందో నా అనుభవంలో జరిగింది చెబుతాను. నేను సూపర్‌వైజర్‌గా ఉన్న రోజుల్లో ఒక కేంద్రంలో ఒక ఆడపిల్లకు పొడవు 72, బరువు 7.3 అని రాసి ఉంది. 72 దగ్గర మైనస్ 2 గీత, అంటే సన్నబడిన బిడ్డలను గుర్తించే హద్దు, 7.2 కాబట్టి బిడ్డ గీతకు పైనే ఉందని, మామూలుగా ఉందని రాశారు. నేను కూడా ఆ వరుస మీద టిక్కు పెట్టి ముందుకు పోయాను. బయటకు వస్తుంటే తల్లి చంకలో ఆ పిల్ల కనిపించింది. పిరుదుల దగ్గర చర్మం ముడతలు పడి వేలాడుతోంది. వెనక్కి పిలిచి మళ్లీ పడుకోబెట్టి కొలిస్తే పొడవు 74 వచ్చింది. మొదటిసారి పిల్ల ఏడుస్తూ మోకాళ్లు ముడుచుకుంటే అలాగే కొలిచేశారు. 74 దగ్గర మైనస్ 2 గీత 7.5, మైనస్ 3 గీత 6.9. అంటే 7.3 కిలోల ఆ పిల్ల రెండు గీతల మధ్య ఉంది, మనం మామ్ అని, అంటే ఒక మోస్తరు పోషకాహార లోపమని రాసే వరుస అది. మోకాళ్ల ముడుపులో పోయిన రెండు సెంటీమీటర్లు ఒక సన్నబడిన బిడ్డను మన కంటి ముందు నుంచి దాచేశాయి. ఆ టిక్కు నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

అందుకే ఈ పని ఒక్కదానివే చేయకు, ఆయాను తప్పకుండా కూర్చోబెట్టుకో. బిడ్డను పడుకోబెట్టి పొడవు కొలిచే ఇన్ఫాంటోమీటర్‌ను మంచం మీద, చాప ముడతల మీద కాకుండా చదునైన గచ్చు మీద పెట్టండి. పిలకలు, క్లిప్పులు ముందే తీసేయండి. ఆయా తల వైపు కూర్చుని రెండు చేతులతో బిడ్డ చెవుల మీదుగా తల పట్టి, నడినెత్తి పలకకు ఆనేలా, చూపు నేరుగా పైకి ఉండేలా చూడాలి. నువ్వు ఒక చేత్తో రెండు మోకాళ్లను మెత్తగా కిందికి నొక్కి, రెండో చేత్తో జరిగే పలకను రెండు అరికాళ్లూ పూర్తిగా తాకేదాకా తేవాలి, వేళ్లు పైకి చూస్తుండాలి. మడమ ఒక్కటే తాకితే, వేళ్లు ముందుకు వంగి పలకను తోస్తుంటే ఆ కొలత రాయవద్దు. పురిటి బిడ్డల కాళ్లు పూర్తిగా చాపబడవు, బలవంతం చేయకు. మిల్లీమీటరు వరకు చదివి వెంటనే రాసి, బిడ్డను లేపి మళ్లీ పడుకోబెట్టి రెండోసారి కొలువు. రెండింటి మధ్య 0.7 సెంటీమీటర్ల కంటే ఎక్కువ తేడా ఉంటే రెండూ వదిలేసి మొదటి నుంచి మొదలుపెట్టు.

బరువు తూచేటప్పుడు కాళ్ల కడియాలు, మొలతాడుకున్న బిళ్లలు, తడిసిన బట్టలు తీయించు. తండాలో వెండి ఎక్కువ. 7.5 దగ్గర గీత ఉన్న బిడ్డకు నూరు, నూటయాభై గ్రాముల వెండి చాలు, వరుస మారిపోవడానికి. వెండి తీయమంటే కొందరు అవ్వలు దిష్టి అని ఒప్పుకోరు, అప్పుడు తరువాత ఆ నగలనే విడిగా తూచి తీసేసుకోవచ్చు.

నిలబడగలిగే పిల్లవాడైనా రెండేళ్లలోపు అయితే పడుకోబెట్టే కొలవాలి. ఎంత బతిమాలినా పడుకోకపోతే నిలబెట్టి కొలిచి, దానికి 0.7 సెంటీమీటర్లు కలిపి పట్టికలో చూడు, ఎందుకంటే నిలబడితే వెన్ను కొంచెం కుదించుకుంటుంది. మగపిల్లల పుట వేరు, ఆడపిల్లల పుట వేరు అన్నది మరువకు. అదే 74 సెంటీమీటర్లకు మగపిల్లల మైనస్ 2 గీత 7.9 దగ్గర ఉంటుంది.

ఈ పట్టిక చెప్పనివి రెండున్నాయి. మొదటిది, పొట్టిగా ఉండిపోయిన బిడ్డ తన పొట్టితనానికి తగ్గ బరువు ఉంటే ఇందులో బాగానే కనిపిస్తుంది, ఆ లోపం వయసుకు తగ్గ పొడవు పట్టికలోనే తెలుస్తుంది. రెండోది, రెండు పాదాల మీద బొటనవేలితో మెల్లగా మూడు క్షణాలు నొక్కితే గుంట పడి అలాగే నిలిచిందంటే అది నీటి వాపు. నీరు బరువును పెంచుతుంది కాబట్టి పట్టికలో ఏ గీత మీద ఉన్నా ఆ బిడ్డను సామ్‌గానే, అంటే తీవ్ర పోషకాహార లోపం ఉన్న బిడ్డగానే లెక్కించి అదే రోజు ఆసుపత్రికి పంపాలి.

నువ్వు చెప్పిన పాప ఇంటికి రేపే వెళ్లు. పట్టిక పుట చేతిలో పట్టుకుని, 72 దగ్గర వేలు పెట్టి, 8.6 ఎక్కడ పడుతుందో ఆ తల్లికి చూపించు.

ఇట్లు,
మీ పెద్దమ్మ