మసక చాపాల ఫోటో చూసి కోణ సమద్విఖండన సరైందో కాదో తేల్చేదెట్లా?

ప్రశ్న: కావలిలో ఇంటి దగ్గర ట్యూషన్ చెప్తాను. 70 డిగ్రీల కోణాన్ని వృత్తలేఖినితో సమద్విఖండన చెయ్యమంటే ఒక పిల్లవాడు వాట్సాప్‌లో ఫోటో పంపాడు. చాపాలు కనపడీ కనపడనట్టున్నాయి. తెర మీద కోణమానిని పెట్టి కొలిస్తే కింది పక్క 31, పై పక్క 36 వస్తోంది. తప్పని కొట్టేయాలా? కోణమానినితో కొలిచి గీత గీసేసి, తర్వాత ఊరికే చాపాలు పెట్టాడేమోనని కూడా అనుమానంగా ఉంది.

జవాబు: ఆ కొలతను బట్టి కొట్టేయొద్దు. 31, 36 కూడితే 67 వచ్చింది చూడండి. పిల్లవాడు వేసిన కోణమే 70 కాకుండా 67గా కనిపిస్తోందంటే, తెర మీది బొమ్మ కాగితం మీది బొమ్మలా లేదన్నమాట. ఫోను వంచి పట్టుకుని తీసిన ఫోటో అది. ఫోను 30 డిగ్రీలు వంగితే బొమ్మ ఎత్తు దాదాపు 13 శాతం కుదించుకుపోతుంది, వెడల్పు మాత్రం అట్లానే ఉంటుంది. కింది భుజం అడ్డంగా ఉన్న 70 డిగ్రీల కోణం అప్పుడు 67 అవుతుంది. తప్పు లేకుండా గీసిన సమద్విఖండన రేఖ కింది భుజంతో 31, పై భుజంతో 36 చేస్తున్నట్టు కనిపిస్తుంది. మీకు వచ్చిన అంకెలు సరిగ్గా అవే. కాబట్టి ఈ కొలత వంపు గురించి చెబుతోంది తప్ప పిల్లవాడి పని గురించి ఏమీ చెప్పడం లేదు.

ఫోటోలో కోణాలు, పొడవులు మారిపోతాయి. మారనివి కొన్ని ఉంటాయి, వాటినే చూడాలి. ఏ గీత ఏ బిందువు గుండా పోతోందన్నది ఎంత వంచి తీసినా మారదు. ఒక గీత మీది మధ్యబిందువు కూడా, కొంచెం తేడాతో, మధ్యలోనే ఉంటుంది. ఈ రెంటితోనే మొత్తం తేల్చెయ్యొచ్చు.

ముందు గుర్తులకు పేర్లు పెట్టుకుందాం. శీర్షం O. O మీద సూది మొన పెట్టి గీసిన మొదటి చాపం రెండు భుజాలనూ కోసేచోట్లు P, Q. P నుంచి ఒకటి, Q నుంచి ఒకటి అదే వ్యాసార్థంతో గీసిన చిన్న చాపాలు కలుసుకునేచోటు R. OP = OQ, PR = QR, OR రెంటికీ ఉమ్మడి. భు-భు-భు ప్రకారం రెండు త్రిభుజాలూ సర్వసమానాలు, అందుకే OR కోణాన్ని సమానంగా చీలుస్తుంది. ఆ రెండు సమానతలే OPRQని గాలిపటం ఆకారం చేస్తాయి, గాలిపటంలో OR అనే కర్ర PQని సరిగ్గా సగం దగ్గర దాటుతుంది. మనకు పనికొచ్చే పరీక్ష ఇదే: ఫోటోలో PQ కలిపి, పిల్లవాడి గీత దాన్ని సగం చేస్తోందో లేదో చూడడం.

తెర మీద స్కేలు పెట్టక్కర్లేదు. సన్నటి కాగితం పట్టీ ఒకటి చించి, అంచును P నుంచి Q దాకా ఆనించి, రెండు చోట్లా పెన్సిలుతో చుక్క పెట్టండి. వేలు తగిలితే ఫోటో జరుగుతుంది గానీ కాగితం తగిలితే సాధారణంగా జరగదు. పట్టీని తీసి, చుక్క మీద చుక్క పడేట్టు మడతపెడితే మడత దగ్గర మధ్యబిందువు దొరుకుతుంది. పట్టీని మళ్లీ P, Q మీద పెట్టి, గీత మడతను తాకుతోందా, ఏ పక్కకైనా జరిగిందా చూడండి. ఫోటోను పెద్దది చేసుకుంటే పావు మిల్లీమీటరు తేడా కూడా తెలుస్తుంది.

ఇక్కడ ఒక హద్దు ఉంది, దాన్ని మరిచిపోతే పిల్లవాడికి అన్యాయం జరుగుతుంది. ఫోను దగ్గరగా పెట్టి వంచితే కాగితంలో మనకు దూరంగా ఉన్న సగం చిన్నదిగా, దగ్గరి సగం పెద్దదిగా పడుతుంది. ఈ కోణానికి మొదటి చాపం 4 సెంటీమీటర్లతో వేసి ఉంటే PQ దాదాపు 4.6 సెంటీమీటర్లు. కాగితానికి 25 సెంటీమీటర్ల దూరంలో 30 డిగ్రీలు వంచి తీస్తే, అసలు మధ్యబిందువు దూరంగా ఉన్న కొస వైపుకి కాగితం లెక్కన సుమారు 0.9 మిల్లీమీటరు జరిగినట్టు కనిపిస్తుంది. రూళ్ల కాగితమైతే పై గీతల ఎడం కింది గీతల ఎడం కన్నా తగ్గిందో లేదో చూస్తే ఈ ప్రభావం ఎంతుందో తెలుస్తుంది. తెల్లకాగితమైతే పక్క అంచులు పైకి పోయేకొద్దీ దగ్గరవుతున్నాయేమో చూడాలి.

అందుకని జరుగుడు ఎటువైపన్నది ముఖ్యం. గీత మడత నుంచి దూరపు కొస వైపుకి కొంచెం జరిగితే అది ఫోను చేసిన పని, తప్పుగా లెక్కించకండి. దగ్గరి కొస వైపుకి జరిగితే మాత్రం అది పిల్లవాడి చేతి తప్పే.

పరీక్ష నెగ్గకపోతే కారణం ఎక్కువగా ఒక్కటే: జామెట్రీ బాక్సులోని వృత్తలేఖిని మర వదులుగా ఉండడం. P నుంచి 4 సెంటీమీటర్లతో గీశాడు, సూదిని Q మీదికి మార్చేటప్పుడు కాళ్లు కాస్త తెరుచుకుని 4.2 అయిందనుకోండి. R బిందువు P వైపుకి, అంటే చిన్న వ్యాసార్థం ఉన్న పక్కకి, 1.8 మిల్లీమీటర్లు జరుగుతుంది. O నుంచి R ఆరున్నర సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది గనక గీత డిగ్రీన్నర పక్కకి పోతుంది, PQ మీద దాదాపు 0.9 మిల్లీమీటరు తేడా వస్తుంది. పైన చెప్పిన ఫోను తేడాకూ దీనికీ పరిమాణం ఒకటే! అందుకే దగ్గరగా వంచి తీసిన ఒక్క ఫోటోతో ఈ తప్పును తేల్చడం కష్టం. జరుగుడు దూరపు కొస వైపుకే ఉండి, అనుమానం తీరకపోతే ఇంకో ఫోటో అడగడమే మేలు.

పెద్ద తప్పు ఇంకొకటుంది, దాన్ని చాపాల జాడ చూసే పట్టుకోవాలి. కొందరు పిల్లలు మొదటి చాపం వెయ్యరు. భుజాల చివర్ల మీదే సూది పెట్టి చిన్న చాపాలు గీసేస్తారు. ఒక భుజం 5 సెంటీమీటర్లు, ఇంకోటి 7 సెంటీమీటర్లు గీసి ఉంటే ఆ చాపాలు కలిసే బిందువు కోణం మధ్యలో పడదు. కాబట్టి పరీక్ష మొదలుపెట్టే ముందే, రెండు భుజాలనూ దాటే ఒకే చాపం ఉందా అని వెతకండి. అది O చుట్టూ వంగి ఉండాలి. భుజాల దగ్గర రెండు చిన్న ముక్కలుగా ఉన్నా పర్లేదు, మధ్యలో తెగిన చాపం తప్పేమీ కాదు. అది లేకపోతే OP = OQ అనడానికి ఆధారమే లేదు. గీత ఎంత చక్కగా మధ్యలో పడినా ఆ నిర్మాణానికి మార్కులు ఇవ్వలేం.

ఇక మీ రెండో అనుమానం. కోణమానినితో గీసి తర్వాత చాపాలు దిద్దిన బొమ్మలో మూడు జాడలు వెతుకుతాను. మొదటిది సూది గుంతలు. నిజంగా వృత్తలేఖిని వాడితే O, P, Q మూడింటి దగ్గరా కాగితం గుచ్చుకుని ఉంటుంది. O దగ్గర ఉండి P, Q దగ్గర లేకపోతే R దగ్గరి గుర్తు చేత్తో గీసిందే. రెండోది వంపు. P నుంచి గీసిన చాపం లోపలి పక్క P వైపుకే తిరిగి ఉండాలి, Q నుంచి గీసింది Q వైపుకి. చేత్తో దిద్దేవాళ్లు రెండు నిటారు గీతలతో గుణకారం గుర్తు పెడతారు, లేకపోతే రెంటినీ ఒకేవైపుకి వంచేస్తారు. మూడోది, గీత పక్కన O నుంచి 5 సెంటీమీటర్ల దగ్గర ఒంటరిగా ఒక చుక్క. చిన్న కోణమానిని అంచు దగ్గర 35 గుర్తు పెట్టుకున్న చుక్క అది. ఈ మూడో జాడ ఒక్కటే ఉంటే తప్పుపట్టను. గీసిన తర్వాత సరిచూసుకోవడానికి కోణమానిని పెట్టి ఉండొచ్చు, అది మంచి అలవాటే.

గీత R గుండా సరిగ్గా పోకుండా అర మిల్లీమీటరు పక్కన పోతే అనుమానించకండి. మామూలు పెన్సిలు గీత మందమే అంత ఉంటుంది. నిజానికి అచ్చంగా R మధ్యలోంచి పోయి, చాపాలు గీతకు చెరో పక్కా సమానంగా కత్తిరించినట్టుంటేనే నేను ఇంకోసారి చూస్తాను.

మీ ఫోటోలో చాపాలు కనపడకపోవడానికి సగం కారణం పంపిన పద్ధతి. వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపితే అది కుదించబడి, పల్చటి పెన్సిలు గీతలు కాగితం రంగులో కలిసిపోతాయి. స్కానింగ్ యాప్‌లోని నలుపు-తెలుపు మోడ్ ఇంకా అన్యాయం, పల్చటి చాపాలను మురికనుకుని పూర్తిగా చెరిపేస్తుంది. ఇప్పుడు మీ దగ్గరున్న ఫోటోకే ఎడిట్‌లో బ్రైట్‌నెస్ తగ్గించి, కాంట్రాస్ట్ పెంచి చూడండి. ఫ్లాష్ వేసి తీసినదైతే పెన్సిలు గీత మెరిసి తెల్లగా పోయి ఉంటుంది, దాన్ని వెనక్కి తేలేం.

మళ్లీ తీయమనేట్టయితే పిల్లవాడికి ఇట్లా చెప్పండి: పగటిపూట కిటికీ పక్కన నోట్సు పెట్టుకో, వెలుతురు ఒక పక్క నుంచి ఏటవాలుగా పడాలి, ఫ్లాష్ వద్దు. ఫోనును కాగితానికి సరిగ్గా పైన, అర మీటరు ఎత్తులో, కాగితానికి సమాంతరంగా పట్టుకుని రెండింతలు జూమ్ చెయ్యి. ఆ ఎత్తులో పొరపాటున వంగినా మధ్యబిందువు జరుగుడు సగానికి తగ్గుతుంది. ఏటవాలు వెలుతురులో సూది గుంతలకు చిన్న నీడ పడి అవి కూడా కనిపిస్తాయి. తీసిన ఫోటోను డాక్యుమెంట్‌గా పంపమనండి, అప్పుడు కుదించబడదు. O, P, Q, R పేర్లు మాత్రం ఫోటో తీశాకే రాయమనండి, P పక్కన రాసిన అక్షరం సూది గుంతను కప్పేస్తే మీరు వెతికేది దాని కిందే పోతుంది.